పిన్ని కోసం రాసుకున్న గజేంద్ర మోక్షం

నిన్న విజయవాడలో గజేంద్ర మోక్షం ప్రవచనం విన్నాను. మోకాళ్ల నొప్పితో గుంటూరు నుంచి రాలేకపోయిన పిన్ని కోసం రాత్రే సారాంశం రాశాను. పొద్దున రికార్డింగుతో సరిచూసుకుంటే రెండు తప్పులు దొరికాయి.

మొదటిది, "అహంకారులకు ఇదే గతి" అని రాశాను. ప్రవచనం చెప్పినాయన ఆ మాట అననే లేదు. ఏనుగు తన బలం ఉన్నంతవరకు పోరాడి, అది ఉడిగాకే శరణు వేడిందన్నారు. పోరాటాన్ని తప్పుపట్టలేదు. ఆ తీర్పు నాది, కొట్టేశాను.

రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. నిడివి తగ్గించాలని మొసలి పూర్వకథ వదిలేశాను. దేవలుడి శాపంతో మొసలైన హూహూ అనే గంధర్వుడు చక్రం తగిలి తన రూపం పొందాడు. "పట్టుకున్నవాడికీ విడుదల దొరికింది" అని ఆయన చెప్పింది ఆ కథ మీదే. కథ తీసేస్తే ఆ మాటకు ఆధారమే లేదు. అగస్త్యుడి శాపంతో ఇంద్రద్యుమ్న మహారాజు ఏనుగైన కథను మాత్రం ఉంచాను, అందుకే సారాంశం ఏనుగు వైపే ఒరిగిపోయింది.

ఇప్పుడు రెండు శాపకథలూ ఆయన చెప్పిన వరుసలోనే పెట్టాను. పిన్నికి ఫోనులో చదివి వినిపిస్తుంటే, మొసలి దగ్గర "మళ్లీ చదువమ్మా" అంది.