గోత్రం గడి ఖాళీగా ఉన్న టికెట్

ఇవాళ ఆఫీసులో ఉన్న టైమంతా ఒక్క ఉత్తరానికి జవాబు రాయడానికే సరిపోయింది. గుడి ఆఫీసులో ఇన్నేళ్లుగా ఫిర్యాదులకి జవాబులు రాస్తూనే ఉన్నా, ప్రసాదం బాలేదని, చెప్పుల స్టాండులో చెప్పులు పోయాయని, క్యూలో తోసేశారని, వాటికి అలవాటైపోయిన నాలుగు లైన్లు ఉంటాయి, రాసేసి సంతకానికి పెట్టేస్తాం. ఇది అలా రాసేసేది కాదని మొదటి పేజీ చదవగానే తెలిసిపోయింది.

కార్తీక సోమవారం నాడు భార్యాభర్తలిద్దరూ అభిషేకానికి కూర్చున్నారు. ఉత్తరం రాసింది ఆవిడ. అర్చకస్వామి వరసగా ఒక్కొక్కరినీ గోత్రం అడుగుతూ వచ్చి వీళ్ల దగ్గర ఆగితే, ఆవిడ భర్త తనకి తెలీదని చెప్పాడట. దానికి స్వామి "గోత్రం కూడా తెలీకుండా వచ్చేశారా, మీ నాన్న చెప్పలేదా?" అని గట్టిగా అనేసి పక్కవాళ్ల దగ్గరకి వెళ్లిపోయారట. ఆయనకి కాలర్ మైకు ఉంటుంది కాబట్టి మండపం మొత్తానికీ వినపడింది. ఆ అబ్బాయికి నాలుగో ఏట తండ్రి పోయాడు, అమ్మమ్మ ఇంట్లో పెరిగాడు. తిరిగి ఊరెళ్లేదాకా బస్సులో ఒక్క మాట కూడా మాట్లాడలేదని ఆవిడ రాసింది. చర్య తీసుకోండని ఎక్కడా అడగలేదు, చివర్లో ఒక్కటే అడిగింది, మా పేర్లు చదవకుండా అభిషేకం అయిపోయింది కదా, మరి ఆ పూజ మాకు చెందినట్టేనా అని.

ముందు ఆ రోజు డ్యూటీ చార్టు తీసి ఎవరున్నారో చూసుకుని స్వామిని పిలిపించా. వచ్చి కూర్చుని విన్నాక "నాకు గుర్తే లేదండీ" అన్నారు. నేను నమ్మాను. ఆ రోజు ఒక్కో బ్యాచికి ఇరవై జంటల చొప్పున ఐదు బ్యాచిలు, అంటే తెల్లవారుజాము నుంచి ఆయన వంద గోత్రాలు అడిగారు, ఒక్కో జంటకి అర నిమిషం వేసుకున్నా బ్యాచికి పది నిమిషాలు అడగడానికే పోతుంది, ఆ తర్వాత నమకం పదకొండు అనువాకాలు, చమకం పదకొండు, అయిదో బ్యాచికొచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉంటుంది. ఇవన్నీ నిజమే. కానీ ఆయనకి గుర్తు లేని ఆ మాటే వాళ్లకి ఆ రోజు మొత్తంలో గుర్తుండిపోయింది.

బయటివాళ్లకి అంతగా తెలియని సంగతి ఒకటుంది. అభిషేకంలో భక్తుడు కనపడేది సంకల్పంలో మాత్రమే. జంబూద్వీపే భరతవర్షే అని మొదలుపెట్టి సంవత్సరం, అయనం, రుతువు, మాసం, పక్షం, తిథి, వారం అన్నీ చెప్పుకుంటూ వచ్చి, ఫలానా గోత్రంలో పుట్టిన ఫలానా పేరుగల ఇతను ధర్మపత్నితో కలిసి చేస్తున్నాడు అని దేవుడికి చెప్పేది అక్కడే. మిగతాదంతా మంత్రం, పాలు, నీళ్లు, అర్చకుడి చెయ్యి. అందుకే క్యూలో ఎవరైనా కసురుకుంటే ఇంటికెళ్లేసరికి మర్చిపోతాం గానీ, ఇక్కడ తన పేరు చెప్పాల్సిన చోట "మీ నాన్న చెప్పలేదా" అనిపించుకున్న మనిషి మర్చిపోలేడు.

మొదటి డ్రాఫ్టు మామూలు ఆఫీసు భాషలో వచ్చేసింది. "తమరి లేఖ అందినది, విచారణ జరిపి సంబంధిత సిబ్బందికి తగు సూచనలు జారీ చేయడమైనది." చదువుకుంటే సిగ్గేసి చింపేశా, అందులో ఆ మాటా లేదు, ఆ మనిషీ లేడు. రెండోదాంట్లో రద్దీ గురించి ఐదు బ్యాచిల గురించి రాసుకుంటూ పోయా, అది మొత్తం స్వామి తరఫున వాదనలా తయారైంది. ఈవో గారు చూసి "ఓ అభిషేకం టికెట్టు ఫ్రీగా ఇచ్చేద్దామండీ, సంతోషిస్తారు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు గానీ, ఆవిడ రాసింది టికెట్టు డబ్బుల గురించి కాదు కదా సార్ అని చెప్పా. కాసేపు ఆలోచించి నువ్వే రాయి అన్నారు.

మధ్యాహ్నం స్టోరు రూములో ఆ రోజు టికెట్ల కౌంటర్ ఫాయిల్స్ వెతికితే అసలు విషయం దొరికింది. టికెట్టు మీద పేరు, గోత్రం, నక్షత్రం అని మూడు గడులుంటాయి, వీళ్లదాంట్లో గోత్రం గడి ఖాళీ. ఆ బ్యాచిలోనే ఇంకో నాలుగు ఖాళీలు ఉన్నాయి. అంటే కౌంటర్లో కుర్రాడు అడగలేదు, లేదా తెలీదంటే వదిలేశాడు, అలా వదిలేసిన ప్రశ్న మండపంలో మైకు ముందు అందరి మధ్యా తేలింది. కౌంటర్లోనే నెమ్మదిగా అడిగి, తెలీదంటే కాశ్యప అని రాసిచ్చేస్తే అక్కడ అడగాల్సిన అవసరమే ఉండేది కాదు.

కాశ్యప సంగతి మా పెద్ద అర్చకస్వామిని అడిగి ఖాయం చేసుకున్నా. సమస్త జీవరాశీ కశ్యప ప్రజాపతి సంతానమే కాబట్టి గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం చెప్పడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి, ఇది ప్రతి అర్చకుడికీ తెలుసన్నారు. ఆవిడ అడిగిన ప్రశ్న కూడా ఆయన ముందు పెట్టా. "కూర్చున్నారు, మనసులో తలుచుకున్నారు, పూజ వాళ్లదే. లోపముంటే మాది, వాళ్లది కాదని రాయండి" అన్నారు. ఆ మాట అలాగే రాశా.

సాయంత్రానికి ఇలా తయారైంది: "అమ్మా, మా అర్చకులు అన్న మాట తప్పు. మీ వారికి గోత్రం తెలియకపోవడం ఏ దోషమూ కాదు, అటువంటప్పుడు కాశ్యప గోత్రం చెప్పి సంకల్పం చేయాలి, మేము చేయలేదు. కౌంటర్లో అడగాల్సింది అడగకపోవడం కూడా మా పొరపాటే, ఇకమీదట టికెట్టు దగ్గరే ఆ గడి నింపి, ఆ జాబితా ముందే అర్చకుల చేతికి ఇస్తాము. మీరు సమ్మతిస్తే వచ్చే సోమవారం మీ ఇద్దరి పేర్లతో పరోక్షంగా సంకల్పం చెప్పి అభిషేకం చేస్తాము, మీరు రావాల్సిన పని లేదు. వస్తామంటే ముందు వరసలో కూర్చోబెడతాము."

ఆవిడ ఉత్తరం, ఈ జవాబు రెండూ స్వామికి చదివి వినిపించా. ఆయన విచారం వ్యక్తం చేశారని ఆయన్ని అడక్కుండా రాయడం నాకిష్టం లేదు, అలాంటి అబద్ధాలు మా ఫైళ్లలో బోలెడున్నాయి. ఆవిడ ఉత్తరంలో నాలుగో ఏట తండ్రి పోయాడన్న లైను దగ్గరకొచ్చేసరికి ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఫోన్ నంబరివ్వండి, నేనే మాట్లాడతా" అన్నారు. నేనివ్వలేదు. ఆ అబ్బాయి ఆ గొంతు మళ్లీ వినాలనుకుంటాడో లేదో మనకి తెలీదు కదా స్వామీ, వాళ్లు సరేనంటే చేద్దురుగాని అన్నా. ఆయన నొచ్చుకున్నట్టే అనిపించింది గానీ ఏమీ అనలేదు. స్వామి ఫోన్లో మాట్లాడాలనుకుంటున్నారని, వాళ్లకి ఇష్టమైతేనే అని జవాబులో ఒక లైను మాత్రం చేర్చా.

ఈవో గారి సంతకం అయ్యేసరికి ఐదున్నర, స్పీడ్ పోస్టు కౌంటరు మూసేశారు. కవరు సొరుగులో పెట్టి తాళం వేశా, రేపు పొద్దున్నే నేనే వెళ్లి వేసి రావాలి. బయటికొస్తుంటే స్వామి ధ్వజస్తంభం దగ్గర ఆపి ఆ అబ్బాయి నక్షత్రం టికెట్టు మీద ఉందా అని అడిగారు. ఉంది స్వామీ, రేవతి అన్నా.