2120, సౌత్ మిషిగన్ అవెన్యూ

షికాగోలో గ్రీన్ లైన్ రైలెక్కి సెర్మాక్ స్టేషన్‌లో దిగి నడిస్తే కొద్ది నిమిషాల్లోనే ఆ ఇల్లు వచ్చింది. రెండంతస్తుల మామూలు భవనం. 1957 నుంచి పదేళ్లు చెస్ రికార్డ్స్ అనే సంగీత రికార్డుల సంస్థ ఇక్కడే ఉండేది. మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్, చక్ బెర్రీ పాడింది ఇక్కడే. నేను ఇంత దూరం వచ్చింది మాత్రం 1964 జూన్ కోసం.

ఆ నెల 10, 11 తేదీల్లో రోలింగ్ స్టోన్స్ ఇక్కడ పాటలు రికార్డు చేసుకున్నారు. మడ్డీ వాటర్స్ పాట నుంచే తమ బృందానికి పేరు పెట్టుకున్న లండన్ కుర్రాళ్లు వాళ్లు. 1961లో డార్ట్‌ఫోర్డ్ రైల్వే స్టేషన్‌లో మిక్ జాగర్ చంకలో చెస్ రికార్డులు చూసే కీత్ రిచర్డ్స్ మాట కలిపాడు. వాళ్ల మొదటి ఎల్‌పీ లండన్‌లో కోడిగుడ్ల అట్టలు అంటించిన చిన్న స్టూడియోలో తయారైంది. రికార్డుల్లో విన్న ఆ మోత కావాలంటే అది పుట్టిన గదికే రావాలనుకున్నారు. అలా ఈ మెట్లెక్కారు. ఇంజినీరు రాన్ మాలో. ఇక్కడ చేసిన ‘ఇట్స్ ఆల్ ఓవర్ నౌ’ బ్రిటన్‌లో వాళ్ల తొలి నంబర్ వన్. ఇక్కడి చిరునామానే పేరుగా పెట్టి ఒక వాద్యగీతం కూడా వాయించారు.

బయటికొచ్చి, పక్కనున్న తోటలో కూర్చుని ఇయర్‌ఫోన్లలో ఒకే పాట రెండుసార్లు విన్నాను. విల్లీ డిక్సన్ రాసిన కోడిపుంజు పాట, ‘లిటిల్ రెడ్ రూస్టర్’. 1961లో వుల్ఫ్ పాడినప్పుడు ఆ గొంతు గరుకుగా, ఎక్కడో నేల అడుగునుంచి వచ్చినట్టుంటుంది. స్టోన్స్ పాటలో జాగర్ గొంతు పల్చన. అతను వుల్ఫ్‌లా గర్జించబోడు, అదే మేలయింది. ఆ బరువంతా బ్రయన్ జోన్స్ స్లయిడ్ గిటార్ మోసింది. కుక్కలు మొరిగే మాట వచ్చిన చోట తీగ మీద జారుతూ ఊళ పెడుతుంది. నేను అక్కడే మూడుసార్లు వెనక్కి తిప్పాను.

1964 డిసెంబర్‌లో ఇది బ్రిటన్‌లో నంబర్ వన్. అమెరికాలో సింగిల్‌గా రాలేదు, మరుసటి ఏడాది ఎల్‌పీలో చేరింది. ఇక్కడి రేడియోలో, దుకాణాల్లో బ్లూస్ లాంటి నల్లవాళ్ల సంగీతానికి వేరే అర ఉండేది. తమ ఊరి పాటనే చాలామంది తెల్ల పిల్లలు లండన్ కుర్రాళ్ల నోట మొదటిసారి విన్నారు. డబ్బూ పేరూ ఎక్కువగా వాళ్లకే వెళ్లాయి. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అయితే ఒకటి చెప్పాలి. 1965 మేలో ‘షిండిగ్’ అనే అమెరికన్ టీవీ కార్యక్రమానికి పిలిస్తే, తమతోపాటు హౌలిన్ వుల్ఫ్‌నూ రప్పించాలని స్టోన్స్ పట్టుబట్టారు. అంత భారీ మనిషి పాడుతుంటే కుర్రాళ్లు చుట్టూ చేరి కూర్చుని విన్నారు.

ఇప్పుడీ ఇల్లు డిక్సన్ పేరు మీది ఫౌండేషన్‌ది. ఆయన భార్య మేరీ 1993లో కొన్నారు. బ్లూస్ కళాకారులకు రావలసిన రాయల్టీలు రాబట్టుకోవడంలో సాయపడటం ఆ ఫౌండేషన్ పనుల్లో ఒకటి.