500, 434, 408: ఎస్టిమేషన్ పేపర్లో ఇటుకల లెక్క నేను ఎలా చదివానంటే

ఏఈ, ఏఈఈ, జేఈ పరీక్షలకు చదివే సివిల్ వాళ్లందరికీ 500 అనే అంకె కంఠతా వచ్చి ఉంటుంది. ఒక క్యూబిక్ మీటర్ ఇటుక కట్టుబడికి 500 ఇటుకలు. ప్రశ్నలో "ఫ్లైయాష్ ఇటుకలు" అన్న మాట కనబడగానే మా స్టడీ రూమ్‌లో సగం మంది ఆగిపోయేవాళ్లు. ఫ్లైయాష్‌కి వేరే అంకె ఉందా, ఎర్ర ఇటుకకి వేరేనా అని. నేను ఈ టాపిక్‌ను అంకెలు పట్టుకుని కాకుండా, గోడ పట్టుకుని చదివాను. ఆ దారే మీకూ చెబుతున్నాను.

ముందు 500 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మాడ్యులర్ ఇటుక కొలత 190 × 90 × 90 మి.మీ. దానికి మూడు వైపులా 10 మి.మీ. మాలు కలిపితే ఒక్కో ఇటుక గోడలో ఆక్రమించే చోటు 200 × 100 × 100 అవుతుంది.

```
1 / (0.20 × 0.10 × 0.10) = 500
1 / (0.19 × 0.09 × 0.09) = 650 (సుమారు)
```

రెండో లైన్ మాలు వదిలేసిన లెక్క. ఆప్షన్లలో 650 కనబడితే అది మాలు మర్చిపోయినవాళ్ల కోసం పెట్టిందే.

ఇప్పుడు అసలు సంగతి. పై లెక్కలో ఇటుక దేనితో చేశారన్నది ఎక్కడా లేదు. కాల్చిన మట్టి ఇటుకలకు IS 1077, ఫ్లైయాష్-సున్నం ఇటుకలకు IS 12894. ఈ రెండు కోడ్‌లూ చెప్పే కొలతలు ఒకటే: మాడ్యులర్ అయితే 190 × 90 × 90, నాన్‌-మాడ్యులర్ అయితే 230 × 110 × 70. కాబట్టి కొలత, జాయింటు మందం ఒకటైనప్పుడు రెండింటికీ సంఖ్య ఒకటే. ప్రశ్నలో కొలతలిచ్చి "ఫ్లైయాష్" అని రాస్తే ఆ మాటని పక్కనపెట్టి కొలతలు చూడండి. ఫ్లైయాష్ ఇటుక తేలికైనా, బరువైనా, ఎంత బలమున్నదైనా సంఖ్య మారదు.

మరి బయట రెండింటికీ తేడా ఎందుకు కనబడుతుంది? బయట దొరికే ఇటుకలు కోడ్ కొలతల్లోనే ఉండాలని లేదు కాబట్టి. మన దగ్గర ఫ్లైయాష్ ఇటుకలు 75 మి.మీ. ఎత్తులో చాలా చోట్ల దొరుకుతాయి. 230 × 110 × 70 ఎర్ర ఇటుకనీ, 230 × 110 × 75 ఫ్లైయాష్ ఇటుకనీ పక్కపక్కన పెట్టి 10 మి.మీ. జాయింటుతో లెక్కేస్తే:

```
1 / (0.24 × 0.12 × 0.080) = 434
1 / (0.24 × 0.12 × 0.085) = 408.5
```

ఎత్తులో ఐదు మిల్లీమీటర్లు పెరిగితే దాదాపు ఆరు శాతం ఇటుకలు తగ్గాయి. అదే ఐదు మిల్లీమీటర్లు పొడవులో పెరిగి ఉంటే 240 బదులు 245 అయ్యేది, తగ్గేది రెండు శాతమే. మూడు కొలతల్లో ఎత్తు చిన్నది కాబట్టి అక్కడి చిన్న మార్పే సంఖ్యని ఎక్కువగా కదుపుతుంది. రెండు ఇటుకల్ని పోల్చే ప్రశ్నలో నా కళ్లు ముందు ఎత్తు మీదికి వెళ్లేవి. అది చూస్తే ఏ ఆప్షన్ దగ్గరలో ఉందో లెక్క పూర్తికాకముందే తెలిసిపోతుంది.

ఫార్ములాని ఇక్కడితో వదిలేయకుండా ఒక గోడ మీద పెట్టి చూశాను. ఈ టాపిక్‌లో నాకు బాగా పనికొచ్చిన పని అదే. గోడ పొడవు 5 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, మందం 230 మి.మీ., అంటే తొమ్మిది అంగుళాల గోడ. ఘనపరిమాణం 3.45 క్యూబిక్ మీటర్లు. ఫార్ములా ప్రకారం ఎర్ర ఇటుకలు 3.45 × 434, అంటే 1497. ఫ్లైయాష్ ఇటుకలు 3.45 × 408.5, అంటే 1409.

ఇదే గోడని మేస్త్రీ చూసే తీరులో చూద్దాం. మా వీధిలో గోడ కడుతున్న మేస్త్రీని ఇటుకలు ఎన్ని పడతాయో ఎలా చెబుతారని అడిగితే, "రద్దాలు లెక్కపెట్టు బాబూ, ఇటుకలు వాటంతట అవే తెలుస్తాయి" అన్నాడు. ఇంగ్లిష్ బాండ్‌లో ఒక రద్దా నిలువు వాటం, అంటే స్ట్రెచర్, పైన రద్దా అడ్డం వాటం, అంటే హెడర్. స్ట్రెచర్ రద్దాలో 5 మీటర్ల పొడవుకి ఒక వరసలో 5 / 0.24, అలాంటివి వెనకా ముందూ రెండు వరసలు, మొత్తం 41.67 ఇటుకలు. హెడర్ రద్దాలో 5 / 0.12, అవీ 41.67 ఇటుకలే. ఎర్ర ఇటుకతో 3 మీటర్ల ఎత్తుకి 37.5 రద్దాలు, ఫ్లైయాష్‌తో 35.3 రద్దాలు. గుణిస్తే ఎర్ర ఇటుకలు 1562, ఫ్లైయాష్ ఇటుకలు 1470.

ఫార్ములా 1497 అంటే గోడ 1562 అంటోంది. ఫ్లైయాష్‌కి 1409 అంటే 1470. రెంటికీ ఒకే నిష్పత్తిలో, నాలుగు శాతం పైగా తేడా. ఈ తేడా ఎక్కడిదంటే, ఫార్ములా మందం వైపు కూడా 10 మి.మీ. మాలు కలిపి 240 తీసుకుంది. కట్టిన గోడ మందం 230 మాత్రమే: 110, మధ్యలో 10, మళ్లీ 110. బయటి ముఖం మీద జాయింటు ఉండదు కదా. 240ని 230తో భాగిస్తే 1.043, సరిగ్గా ఆ తేడాయే. గోడని 23 సెంటీమీటర్ల మందంతో కొలిస్తే ఒక క్యూబిక్ మీటర్‌కి నిజంగా పట్టేవి 453 ఎర్ర ఇటుకలు, 426 ఫ్లైయాష్ ఇటుకలు.

మాడ్యులర్ ఇటుకతో ఈ ఇబ్బంది లెక్కలో బయటపడదు. ఎందుకంటే ఒక ఇటుక మందం గోడని 19 సెంటీమీటర్లని కాకుండా 20 సెంటీమీటర్లని లెక్కలో తీసుకునే పద్ధతి ఉంది. అందుకే అక్కడ 500 అంత శుభ్రంగా కుదురుతుంది. పరీక్షలో అయితే ప్రశ్న "క్యూబిక్ మీటర్‌కి ఇటుకలెన్ని, జాయింటు 10 మి.మీ." అని ఊరుకుంటే ఫార్ములా జవాబే పెట్టండి. గోడ మందం 230 అని ఇచ్చి, బాండ్ చెప్పి, మొత్తం ఇటుకలు అడిగితే రద్దాల లెక్కకి వెళ్లండి.

తొమ్మిది అంగుళాల గోడ సంగతి అర్థమైతే సగం ఇటుక మందం గోడ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పార్టిషన్ గోడలో అన్నీ స్ట్రెచర్లే. ఒక చదరపు మీటర్‌కి ఫ్లైయాష్ ఇటుకలు 1 / (0.24 × 0.085), అంటే 49. ఇందులో ఇటుక వెడల్పు లేనే లేదు. ఇటుక వెడల్పు 110 అయినా 100 అయినా 49 ఇటుకలే పడతాయి. అదే 49ని క్యూబిక్ మీటర్లలోకి మారిస్తే వెడల్పు 110 ఉన్నదానికి 446, 100 ఉన్నదానికి 490 వస్తాయి. గోడలో పట్టే ఇటుకలు మారకుండానే అంకె మారిపోయింది. సగం ఇటుక గోడల్ని చదరపు మీటర్లలో కొలవాలన్న నియమం మనం ఊరికే బట్టీ పడతాం. దాని వెనకున్న కారణాల్లో ఇదొకటి.

ఇక జాయింటు. 230 × 110 × 75 ఇటుకనే తీసుకుంటే 8 మి.మీ. జాయింటుకి 429, 10కి 408, 12కి 389. మాలు పలచబడితే ఇటుకలు పెరుగుతాయి, మందమైతే తగ్గుతాయి. ఫ్లైయాష్, ఎర్ర ఇటుకల మధ్య పనిలో కనబడే తేడాకి రెండో కారణం ఇక్కడే ఉంది. మట్టి ఇటుక ఎండేటప్పుడు ఒకసారి, బట్టీలో కాలేటప్పుడు ఇంకోసారి కుంచించుకుపోతుంది. బట్టీలో అన్నిచోట్లా వేడి ఒకేలా ఉండదు కాబట్టి ఎక్కువ కాలినవి చిన్నవవుతాయి, వంకర తిరుగుతాయి. ఆ హెచ్చుతగ్గుల్ని మేస్త్రీ మాలుతోనే సర్దాలి. ఫ్లైయాష్ ఇటుకని ప్రెస్‌లో అచ్చు వేసి నీటితోనో ఆవిరితోనో క్యూరింగ్ చేస్తారు, బట్టీ లేదు. పొడవు, వెడల్పు అచ్చు ప్రకారమే వస్తాయి. ఎత్తు మాత్రం అచ్చులో ఎంత మిశ్రమం పడింది, ఎంత ఒత్తారు అన్నదాన్నిబట్టి కాస్త అటూఇటూ అవుతుంది. సంఖ్యని ఎక్కువగా కదిపే కొలత ఎత్తే కాబట్టి ఫ్లైయాష్‌లోనూ దాన్నే కొలిచి చూడాలి.

అలా కొలిచే పద్ధతి IS 1077లోనే ఉంది, పరీక్షలోనూ అడుగుతారు. 20 ఇటుకల్ని వరసగా ఆనించి పెట్టి మొత్తం కొలుస్తారు. 70 మి.మీ. ఎత్తుకి 20 ఇటుకల మొత్తం 1360 నుంచి 1440 మి.మీ. మధ్య ఉండాలి. అంటే సగటు ఎత్తు 68 నుంచి 72 వరకు ఒప్పుకుంటారన్నమాట. ఈ రెండు అంచుల్లో ఫార్ములా వేస్తే 445, 423 వస్తాయి. కోడ్ ఒప్పుకునే ఇటుకల్లోనే క్యూబిక్ మీటర్‌కి 22 తేడా ఉంది. ఈ పరీక్ష బొమ్మ గీసుకుని, పక్కనే ఈ రెండు సంఖ్యలూ రాసుకుంటే పరిధి గుర్తుండటం తేలికవుతుంది.

కట్టిన గోడ మీద జాయింటు తెలుసుకోవాలంటే ఒక్కో జాయింటు కొలవనక్కర్లేదు. ఒక రద్దా పైఅంచు నుంచి పది రద్దాలు లెక్కపెట్టి, ఆ పదో రద్దా పైఅంచు దాకా టేపు పెట్టండి. 75 మి.మీ. ఇటుకకి 850 రావాలి. 870 వస్తే జాయింటు 12 మి.మీ. పడుతోందని అర్థం. అలాంటి గోడకి ఇటుకలు అంచనాకన్నా మిగులుతాయి, సిమెంటు, ఇసుక చాలవు. ఇటుకలు మిగిలాయి కదా అని సంతోషించే చోట మాలు ఖర్చు పెరిగిందేమో చూడాలి.

మాలు లెక్క కూడా ఈ దారిలోనే తేలుతుంది. మాడ్యులర్‌లో 500 ఇటుకల ఘనపరిమాణం 0.77, మిగిలిన 0.23 క్యూబిక్ మీటర్ తడి మాలు. మట్టి ఇటుకకి ఫ్రాగ్ ఉంటే అది కోడ్ ప్రకారం 100 × 40 మి.మీ. ఉంటుంది. లోతు 10 మి.మీ. అనుకుంటే 500 ఇటుకలకి ఇంకో 0.02 క్యూబిక్ మీటర్ మాలు దానిలోకి పోతుంది. ఫ్రాగ్ లేని ఫ్లైయాష్ ఇటుకకి ఆ అదనం ఉండదు. ఫ్రాగ్ ఇటుకల సంఖ్యని మార్చదు, మాలునే మారుస్తుంది. ఈ రెంటినీ కలిపి తికమకపెట్టే స్టేట్‌మెంట్ ప్రశ్నలు వస్తే దీన్ని గుర్తు తెచ్చుకోండి.

వేస్టేజి విషయంలో ప్రశ్న చెబితేనే కలపండి. 5 శాతం అంటే 500కి 525, 408.5కి 429. ఇక్కడ జాగ్రత్త: పైన 8 మి.మీ. జాయింటుకి వచ్చిందీ 429యే. ప్రశ్నలో జాయింటు ఎంత ఇచ్చారో, వేస్టేజి అడిగారో లేదో చదవకుండా ఆప్షన్‌లో 429 చూసి టిక్ పెట్టకండి.