నాలుగేళ్ల ఫోన్, ఒక స్టాప్‌వాచ్

కెమెరా నొక్కితే తెర నల్లగా ఉండిపోయేది. అది తెరుచుకునేసరికి పాప నవ్వు కాస్తా అయిపోయేది. "పాతదైపోయింది, మార్చెయ్" అన్నారు ఇంట్లో. మార్చే ముందు జబ్బేమిటో చూద్దామని ఇంకో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను.

ఛార్జింగ్ 90 శాతం ఉన్నప్పుడు కెమెరా 2 సెకన్లలో తెరుచుకుంది. 20 శాతానికి దిగాక 6 సెకన్లు పట్టింది. బ్యాటరీ సేవర్ వల్లేమో అనుకుని, దాన్ని ఆపి మళ్లీ చూశాను. అదే 6. అంటే తేడా బ్యాటరీలోనే ఉంది. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడితే ఛార్జ్ తక్కువసేపు రావడమొక్కటే కాదు, లోపలి నిరోధం కూడా పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజ్ పడిపోతుంది. ఫోన్ ఆరిపోకుండా ఉండాలని కొన్ని ఫోన్లు ప్రాసెసర్ వేగాన్నే తగ్గిస్తాయి. నాది అంతకుముందు 15 శాతం దగ్గర రెండుసార్లు ఆరిపోయింది కూడా, నేనే పట్టించుకోలేదు.

బ్యాటరీ మార్పించాను. కెమెరా కుదుటపడింది కానీ, యాప్ అప్‌డేట్ మొదలైతే మాత్రం ఫోన్ మొత్తం బిగుసుకుపోయేది. స్టోరేజ్ అరిగిపోయిందనే అనుకున్నాను. తీరా చూస్తే 64 జీబీలో మిగిలింది 2. ఫోన్‌లో స్టోరేజ్‌గా ఉండే ఫ్లాష్ మెమరీలో పాతదాని మీదే కొత్తది రాయడం కుదరదు. రాసేది చిన్న చిన్న పేజీలుగా, చెరిపేది మాత్రం పెద్ద బ్లాకులుగా. ఖాళీ బ్లాకులు లేకపోతే, పనికొచ్చే పేజీలను పక్కకు తీసి, బ్లాకంతా చెరిపి, ఆ తర్వాతే కొత్తది రాయాలి. ఆ పనంతా మనం ఎదురుచూస్తుండగానే జరుగుతుంది.

వీడియోలు తీసేసి 14 జీబీ ఖాళీ చేశాను. వెంటనే పెద్ద తేడా కనిపించలేదు. రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేశాను, ఎందుకంటే ఏయే చోట్లు ఇక అక్కర్లేదో స్టోరేజ్‌కి చెప్పే పనిని ఆండ్రాయిడ్ అలా ఖాళీగా ఉన్నప్పుడే చేస్తుంది. మర్నాడు అప్‌డేట్ జరుగుతుండగానే మెసేజ్ టైప్ చేయగలిగాను. సగం ఖాళీ చేసి రీసెట్ కొట్టినా బిగుసుకుపోతుంటే, అప్పుడు అరుగుదలను అనుమానించాలి.

ఇక మిగిలింది సాఫ్ట్‌వేర్ బరువు. సేఫ్ మోడ్‌లో పెడితే మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు. అందులో ఫోన్ హాయిగా కదిలింది. వెనకాల ఊరికే నడుస్తున్న రెండు యాప్‌లు తీసేశాక మామూలుగా కూడా కొంత తేలికైంది. కొంతే. ఇప్పటి యాప్‌లకు నా 3 జీబీ ర్యామ్ చాలదు, దాన్ని పెంచే దారీ లేదు. మ్యాప్ చూస్తూ మెసేజ్ తెరిస్తే, తిరిగొచ్చేసరికి మ్యాప్ ఇప్పటికీ మొదటి నుంచి లోడ్ అవుతుంది.