రెండు గ్లాసుల డ్రాట్ బీర్, 224/122 బీపీ

ఆ రాత్రి తలనొప్పి మెడ వెనక మొదలైంది. ముందు మెడ పట్టేసిందనుకున్నాను. రెండు నిమిషాల్లో అది పుర్రె వెనక భాగానికి పాకింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ లోపలినుంచి ఎవరో గుద్దుతున్నట్టుంది. ఒళ్లంతా చల్లటి చెమట. గుండె దడదడలాడలేదు, నెమ్మదిగా, చాలా బరువుగా కొట్టుకుంటోంది. ఆ దెబ్బ చెవుల్లో వినిపిస్తోంది. అప్పటికి నేను రెండో గ్లాసు బీర్ తాగి నలభై నిమిషాలయింది.

డిప్రెషన్‌తో ఆరేళ్లు పడ్డాను. నాలుగు రకాల మందులు వాడినా లాభం లేకపోయింది. చివరికి మా డాక్టరు గారు పాతకాలపు మందు ఒకటి ఉందన్నారు. ఎంఏఓ ఇన్హిబిటర్లు అనే కోవలోది, పేరు ట్రానిల్‌సిప్రమిన్. ముందు వాడుతున్న మందు ఆపి, రెండు వారాలు ఖాళీ ఉంచి, తర్వాత దీన్ని మొదలుపెట్టారు. మోతాదు మెల్లగా రోజుకు 30 మిల్లీగ్రాములకు చేరింది. ఐదో వారంలో ఒక ఉదయం స్నానం చేసి వచ్చి, ఏమీ ఆలోచించకుండా పేపర్ తీసుకుని చదువుతూ కూర్చున్నాను. పేపర్ చదవడం నేను మానేసి రెండేళ్లయిందని మా ఆవిడ చెబితేగాని గుర్తు రాలేదు. ఈ మందు నాకేం చేసిందో చెప్పడానికి ఇంతకంటే నా దగ్గర మాటల్లేవు. అందుకే ఇది మందు మీద ఫిర్యాదు కాదు.

మందుతో పాటు ఒక కాగితం కూడా ఇచ్చారు. బాగా నిల్వ ఉంచిన చీజ్, ఎండబెట్టి పులియబెట్టిన మాంసం, సోయా సాస్, డ్రాట్ బీర్ తినకూడదని, తాగకూడదని అందులో ఉంది. వైన్ ఎదురుగా ‘అడిగి తీసుకోవాలి’ అని రాసి ఉంది. మొదటి మూడు నెలలు ఆ కాగితాన్ని దేవుడి పటంలా చూసుకున్నాను. తర్వాత ఒక పెళ్లిలో ఒక సీసా బీర్ తాగాను. ఏమీ కాలేదు. ఇంకో నెలకు మరో సీసా తాగాను. అప్పుడూ ఏమీ కాలేదు. బీర్ నాకు పడుతుంది, కాగితం జాగ్రత్త కోసం రాసిందేలే అని మనసులో తీర్మానించుకున్నాను. నా తప్పు బీర్ తాగడంలో కన్నా ఆ తీర్మానంలోనే ఎక్కువుంది.

ఆ రాత్రి తాగింది సీసా బీర్ కాదు. ట్యాప్ తిప్పి గ్లాసులో పట్టిచ్చే డ్రాట్ బీర్. కాస్త మసకగా, అడుగున మడ్డి తిరుగుతూ ఉంది. అర లీటరు గ్లాసులు రెండు తాగాను.

తలనొప్పి చూసి మా బావమరిది, “బావా, గాలికి జలుబు చేసుంటుంది, ఇది వేసుకో” అంటూ జేబులోంచి జలుబు మాత్ర తీశాడు. మా ఆవిడ అది లాక్కుని స్ట్రిప్ వెనక్కి తిప్పి చదివింది. అందులో ముక్కు దిబ్బడ తగ్గించే మందు ఉంది. అలాంటివి కూడా ఈ మందుతో పడవని మా కాగితంలో రెండో పేజీలో ఉంది. ఆ మాత్ర వేసుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ భయమే.

“ఏమండీ, లేవకండి” అని నన్ను కూర్చోబెట్టి బీపీ మిషన్ తెప్పించింది. మామూలుగా నా బీపీ 104/68 ఉంటుంది. ఈ మందు వేసుకునేవాళ్లకు బీపీ కాస్త తక్కువగానే ఉంటుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. మిషన్ మీద 206/114 కనిపించింది. మిషన్ పాడైందనుకుని రెండో చేతికి కట్టాం. ఆసుపత్రికి చేరేసరికి 224/122. నాడి మాత్రం 56. బీపీ ఒక్కసారిగా అంత పెరిగితే శరీరం గుండెను నెమ్మదింపజేస్తుందని, అందుకే అది అంత బరువుగా కొట్టుకుందని తర్వాత తెలిసింది.

ఎమర్జెన్సీలో ఉన్న కుర్ర డాక్టరు మొదట మైగ్రేన్ అనుకున్నారు. మా ఆవిడ మందు పేరు ఉన్న కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివి ఏమీ మాట్లాడకుండా పరిగెత్తుకుంటూ వెళ్లి పెద్ద డాక్టరమ్మను తీసుకొచ్చారు. ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “ఏం తిన్నారు, ఏం తాగారు, ఎంతసేపయింది?” సీసా బీరా, ట్యాప్ బీరా అని కూడా అడిగారు. ఆ తేడా ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఫెంటోలమిన్ అనే మందును నరంలోకి 5 మిల్లీగ్రాములు ఇచ్చారు. అది రక్తనాళాలు బిగుసుకోకుండా అడ్డుకుంటుంది. నిమిషాల్లోనే మెడ వెనక పిడికిలి వదులైంది. దాని ప్రభావం త్వరగా తగ్గిపోతుందట, అందుకే ఐదు నిమిషాలకోసారి బీపీ చూస్తూ, ఇంకోసారి ఇచ్చారు. మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలేదాకా డాక్టరమ్మ ముఖంలో బిగుతు పోలేదు. ఈ రకం బీపీ ఉప్పెనలో మనిషిని చంపేది ముఖ్యంగా అదే. తెల్లవారేసరికి 130 దగ్గర నిలబడింది. నాలుగు రోజులు తల బరువుగా ఉండింది, నీరసం రెండు వారాలు.

తర్వాత మా డాక్టరు గారి దగ్గర గంటసేపు కూర్చుని మొత్తం చెప్పించుకున్నాను. నాకు అర్థమైనంత ఇది.

మాంసకృత్తులున్న పదార్థం పులిసేటప్పుడు కొన్ని బ్యాక్టీరియాలు అందులోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని టైరమిన్‌గా మారుస్తాయి. మామూలు మనిషి పేగుల్లో, కాలేయంలో ఎంఏఓ అనే ఎంజైమ్ ఉంటుంది. తిండితో వచ్చిన టైరమిన్‌ను అది అక్కడికక్కడే విరిచేస్తుంది, రక్తంలోకి దాదాపు రానివ్వదు. నా మందు సరిగ్గా ఆ ఎంజైమ్‌నే పనిచేయకుండా చేస్తుంది. మెదడులో అది మంచిదే, నాకు బాగవ్వడానికి కారణమే అది. కానీ పేగుల్లో కాపలా లేకుండా పోతుంది. టైరమిన్ నేరుగా రక్తంలోకి వచ్చి, నరాల చివర్లలోకి దూరి, అక్కడ నిల్వ ఉన్న నారడ్రినలిన్‌ను ఒక్కసారిగా బయటికి తోసేస్తుంది. దాంతో రక్తనాళాలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. నా తలలో జరిగింది అదే.

ఇక బీర్ సంగతి. ఈస్ట్ వల్ల టైరమిన్ పెద్దగా తయారవదు. కాచేచోట, పీపాలో, ట్యాప్ గొట్టాల్లో చేరే లాక్టిక్ బ్యాక్టీరియా వల్లే సమస్య. ఫ్యాక్టరీలో వేడిచేసి, వడకట్టి, సీసాలోనో డబ్బాలోనో మూసేసిన బీర్లలో టైరమిన్ సాధారణంగా లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించదు. అందుకే పెళ్లిలో నాకేమీ కాలేదు. డ్రాట్ బీర్లలోనూ చాలావాటిలో తక్కువే ఉంటుంది. కానీ ఒక్కో పీపాలో లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటినవి కూడా పరీక్షల్లో దొరికాయి. ఈ మందు వాడేవాళ్లకు ఒక పూటలో 6 నుంచి 10 మిల్లీగ్రాముల టైరమిన్ వెళ్తేనే బీపీ కదలొచ్చు, 10 నుంచి 25 మధ్య వెళ్తే ప్రమాదమే. నేను లీటరు తాగాను. ఆ పీపాలో ఎంతుందో ఎవరూ కొలవలేదు, కానీ అలాంటి పీపా అయితే లెక్క కుదురుతుంది. మందు వాడనివాళ్లకు బీపీ కదలాలంటే వందల మిల్లీగ్రాములు కావాలి. అందుకే అదే బీర్ తాగిన మా బావమరిదికి ఏమీ కాలేదు.

ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇంకొకటి. ట్యాప్ బీర్ రుచిలో గానీ వాసనలో గానీ తేడా తెలియదు. పోయిన వారం బాగున్న చోటే ఈ వారం మారిన పీపా కాటేయొచ్చు. ఆల్కహాల్ లేని బీర్ తాగితే సరిపోతుంది కదా అన్నాను. అదీ పులియబెట్టిందే, ఆల్కహాల్ తీసేసినంత మాత్రాన టైరమిన్ పోదు, అది తాగి ఇలాగే ఆసుపత్రిలో చేరినవాళ్లు ఉన్నారని చెప్పారు.

వైన్ గురించి కూడా అడిగాను. పాత వైన్ అంటే మరీ ప్రమాదం అని నేను విన్నాను. ఆయన నవ్వి, 1960లలో కియాంటీ అనే ఇటలీ ఎర్ర వైన్‌లో టైరమిన్ ఎక్కువని తేలినప్పటినుంచి ఆ పేరు వైన్‌లన్నిటికీ అంటుకుందన్నారు. సీసాలో ఏళ్లు గడిచాయా లేదా అన్నదాని కన్నా, తయారయ్యేటప్పుడు ఏ బ్యాక్టీరియా పనిచేసిందన్నదే ముఖ్యమట. ఈ మధ్య కొలిచిన వైన్‌లలో చాలావాటిలో టైరమిన్ తక్కువే ఉంది. చిన్న గ్లాసు ఒకటి, భోజనంతో, తన అనుమతితో అన్నారు. నేను అనుమతి అడగలేదు. మద్యం ఈ మందుతో కలిస్తే కళ్లు తిరగడం ఎక్కువవుతుంది, అది నాకిప్పటికే చాలినంత ఉంది.

ఆయనే ఒక పాత సంగతి చెప్పారు. 1963లో ఇంగ్లండ్‌లో బారీ బ్లాక్‌వెల్ అనే యువ డాక్టరు ఈ మందులు వాడేవాళ్ల తలనొప్పుల గురించి ఒక వైద్య పత్రికకు రాశాడు. అది చదివి నాటింగ్‌హమ్ నుంచి ఒక ఫార్మసిస్టు ఉత్తరం రాశాడు. మందు వాడుతున్న తన భార్యకు చీజ్ తిన్నప్పుడే తలనొప్పి వస్తోంది, వెన్న తింటే రావడం లేదు, ఎందుకని? మొదట ఎవరూ పెద్దగా నమ్మలేదట. ఆ ఆయన వెన్నకూ చీజ్‌కూ తేడా పట్టుకున్నాడు. నేను సీసాకూ ట్యాప్‌కూ తేడా ఉందేమోనని కూడా అనుకోలేదు.

తిరిగి మామూలవడంలో కష్టమైంది శరీరం కాదు. నెల రోజులు ఏం తిన్నా అరగంటకోసారి బీపీ చూసుకునేవాణ్ని. చూసుకునే టెన్షన్‌కే 140 చూపించేది, అది చూసి ఇంకా పెరిగేది. చివరికి డాక్టరు గారు మిషన్ పక్కన పెట్టించారు. ఉదయం ఒకసారి, ఐదు నిమిషాలు కూర్చున్నాక చూడాలి. అది కాక, మెడ వెనక నొప్పి వస్తేనే చూడాలి. మందు ఆపేద్దామా అని కూడా అడిగాను. ఆపినా పాడైన ఎంజైమ్ తిరిగి తయారవడానికి రెండు వారాలు పడుతుంది, ఈరోజు ఆపి రేపు బీర్ తాగొచ్చని అనుకోవద్దన్నారు. ఆ మాట నేను అడగకుండానే చెప్పారు. ఆయనకు నా సంగతి తెలుసు.

మందు ఆపలేదు. పర్సులో మా ఆవిడ రాసిన చీటీ ఉంటుంది. మందు పేరు, మోతాదు, డాక్టరు గారి ఫోన్ నంబర్, కింద ఎర్ర సిరాతో ‘జలుబు మందులు ఇవ్వకండి’. చీటీ మడతల దగ్గర చిరుగుతోందని మొన్ననే ఇంకొకటి రాసిచ్చింది.