నా అనుభవం: పిల్లల సంఖ్యను బట్టి సర్వేకు బడులను ఎంచడం

తిరుపతి జిల్లాలో ఎనిమిదో తరగతి పిల్లల చదువు మీద సర్వే కోసం బడులను ఎంచే పని నాకు వచ్చింది. బడి పేర్లన్నీ చీటీలు రాసి తీస్తే పద్నాలుగు మంది ఉన్న పల్లె బడికీ, రెండొందల మంది ఉన్న పట్టణ హైస్కూలుకీ ఒకే అవకాశం వస్తుంది. ఎంచిన ప్రతి బడిలోనూ 20 మందినే పరీక్షిస్తాం కాబట్టి చిన్న బడి తగిలితే అక్కడి పిల్లలంతా లెక్కలోకి వస్తారు, పెద్ద బడి తగిలినా అక్కడ పదిమందిలో ఒకరే వస్తారు. అందుకే బడికి దాని పిల్లల సంఖ్యను బట్టి అవకాశం ఇచ్చాను. దీన్ని పీపీఎస్ అంటాం. పెద్ద బడికి తగిలే అవకాశం ఎక్కువ, అందులో ఒక్కో పిల్లవాడికి వచ్చే అవకాశం తక్కువ. ఈ రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుని చివరికి పిల్లలందరికీ సమానమైన అవకాశం మిగలాలి.

మొదట జాబితా సరిచూశాను. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకు ముందటి జాబితాల్లో శ్రీకాళహస్తి, చంద్రగిరి బడులు చిత్తూరు కింద, సూళ్లూరుపేట బడులు నెల్లూరు కింద ఉంటాయి. పాత ఫైలు వాడితే రెండు జిల్లాల నుంచీ ఏరి కలపాలి. ప్రతి బడికీ విడిగా ఉండే యూడైస్ కోడ్ ఆధారంగా కలిపితే ఒకే బడి రెండుసార్లు రాదు. పిల్లల సంఖ్య ఖాళీగా ఉన్న గడిని కంప్యూటర్ సున్నాగానే కూడుతుంది. సున్నా ఉన్న బడి ఎప్పటికీ తగలదు. కాబట్టి ప్రతి ఖాళీ గడికీ మండలంలో అడిగి అంకె వేయించాను.

ఆ తర్వాత జాబితాను మండలాల వారీగా, మండలంలో యాజమాన్యాన్ని బట్టి వరుసలో పెట్టాను. సమాన దూరంలో అంకెలు వేసుకుంటూ పోతాం కాబట్టి వరుస ఇలా ఉంటే నమూనా జిల్లా అంతటా పరుచుకుంటుంది. ఒకసారి ఎంపిక మొదలయ్యాక ఈ వరుసను ముట్టుకోకూడదు.

లెక్క కనబడేలా ఊహించిన 12 బడుల జాబితా ఇస్తున్నాను. వీటిలోంచి 4 బడులు కావాలి. సంచిత మొత్తం అంటే మొదటి బడి నుంచి ఆ బడి వరకూ కూడుతూ వచ్చిన పిల్లల సంఖ్య.

| బడి | ఎనిమిదో తరగతి పిల్లలు | సంచిత మొత్తం |
|---|---|---|
| 1 | 42 | 42 |
| 2 | 118 | 160 |
| 3 | 27 | 187 |
| 4 | 65 | 252 |
| 5 | 210 | 462 |
| 6 | 38 | 500 |
| 7 | 91 | 591 |
| 8 | 14 | 605 |
| 9 | 73 | 678 |
| 10 | 156 | 834 |
| 11 | 52 | 886 |
| 12 | 34 | 920 |

మొత్తం 920ని 4తో భాగిస్తే 230. ఇది అంతరం. 1 నుంచి 230 వరకు యాదృచ్ఛికంగా ఒక అంకె తీయాలి. 137 వచ్చిందనుకుందాం. దానికి 230 చొప్పున కలుపుతూ పోతే 137, 367, 597, 827 వస్తాయి. ఒక్కో అంకెకు, దాన్ని మొదట అందుకున్న లేదా దాటిన సంచిత మొత్తం ఏ బడిదో చూడాలి. 137కు 2వ బడి, 367కు 5వది, 597కు 8వది, 827కు 10వది తగిలాయి.

ఎక్సెల్‌లో పిల్లల సంఖ్య B నిలువు వరుసలో, సంచిత మొత్తం C లో, ఎంపిక అంకెలు E లో ఉంటే ఈ రెండు సూత్రాలు చాలు:

```
=SUM(B$2:B2)
=COUNTIF(C$2:C$13,"<"&E2)+1
```

రెండోది బడి జాబితాలో ఎన్నోదో చెబుతుంది. చాలామంది దీనికి `MATCH` వాడి ఒకటి కలుపుతారు. ఎంపిక అంకె సరిగ్గా 160 అయినప్పుడు అది 2వ బడికి బదులు 3వ బడిని చూపిస్తుంది. ఇంకో చిక్కు ఫిల్టర్‌తో వస్తుంది. ప్రైవేటు బడులు వద్దని ఫిల్టర్ పెట్టి దాచినా `SUM` వాటిని కూడుతూనే ఉంటుంది. వద్దనుకున్న బడులను వేరే షీటుకు తీసేయాలి. `RANDBETWEEN(1,230)` తో తీసిన అంకెను వెంటనే విలువగా అతికించి పెట్టుకోవాలి, లేకపోతే ఫైలు తెరిచిన ప్రతిసారీ మారిపోతుంది.

అంతరం ఇక్కడ చక్కగా పూర్ణ సంఖ్య వచ్చింది. మామూలుగా రాదు. మొత్తం 970 అయితే అంతరం 242.5. దాన్ని 243 చేస్తే, మొదటి అంకె కూడా 243 పడితే నాలుగోది 972కు పోతుంది. అక్కడ బడే లేదు. 242 చేసి 1తో మొదలుపెడితే 969 దగ్గర అదనంగా ఇంకో బడి తగులుతుంది. దశాంశాన్ని అలాగే ఉంచి, మొదటి అంకెను కూడా `=RAND()*242.5` తో దశాంశంగానే తీస్తే రెండు ఇబ్బందులూ ఉండవు.

ఏ బడైనా అంతరం కంటే పెద్దదా అని అంకె తీయకముందే చూడాలి. 5వ బడిలో 260 మంది ఉంటే మొత్తం 970 అవుతుంది, బడి 242.5ను మించుతుంది. అది ఎలాగూ తగులుతుంది, రెండుసార్లు కూడా తగలొచ్చు. దాన్ని ముందే తప్పనిసరి బడిగా పక్కన పెట్టాలి. మిగిలిన 710 మందికి 3 బడులు, కొత్త అంతరం సుమారు 236.67. దాన్ని మించిన బడి ఇంకేమైనా ఉందేమో మళ్లీ చూడాలి. ఇక్కడ 156 కంటే పెద్దది లేదు కనుక సరిపోయింది.

అసలు జాగ్రత్త చిన్న బడి దగ్గర కావాలి. పిల్లవాడి వెయిట్ అంటే సర్వేలో అతను ఎంతమందికి బదులు నిలబడుతున్నాడో చెప్పే అంకె. అంతరాన్ని బడి పిల్లల సంఖ్యతో భాగిస్తే బడి వెయిట్, ఆ పిల్లల సంఖ్యను పరీక్షించేవాళ్ల సంఖ్యతో భాగిస్తే బడి లోపలి వెయిట్. ఈ రెండింటినీ గుణిస్తే అది వస్తుంది. 2వ బడికి 230/118 × 118/20 = 11.5. 5వ బడికి 230/210 × 210/20, అదీ 11.5. పదో బడికీ అంతే. 8వ బడిలో ఉన్నదే 14 మంది. 20 మందిని తీయలేం, అందరినీ తీసుకుంటాం. అప్పుడు వెయిట్ 230/14 × 1, అంటే 16.43. ఇంకా చిన్న బడి, ఐదుగురున్నది తగిలితే ఒక్కో పిల్లవాడి వెయిట్ 46 అవుతుంది. ఆ ఐదుగురి మార్కులే జిల్లా సగటును అటూ ఇటూ లాగుతాయి. మన కొండ పల్లెల్లో ఇలాంటి బడులు తక్కువేమీ కావు. తీసేస్తే ఆ పిల్లలు సర్వేలోంచే మాయమవుతారు, అది నాకు సమ్మతం కాదు.

అందుకే 20 కంటే తక్కువ ఉన్న ప్రతి బడికీ ఎంపిక లెక్కలో 20 అని వేశాను. 8వ బడికి 14 బదులు 20 వేస్తే మొత్తం 926, అంతరం 231.5. ఆ బడి తగిలితే వెయిట్ 231.5/20, అంటే 11.575. మిగతా బడుల పిల్లలకూ అదే 11.575. తేడా పూర్తిగా పోయింది. ఇది అంకె తీయకముందే చేయాలి. తగిలాక అంకెలు మారిస్తే అంతరమూ ఎంపికా రెండూ చెల్లవు. దీని ఖరీదు ఒకటుంది. చిన్న బడులు కాస్త ఎక్కువగా తగులుతాయి, మొత్తం మీద పరీక్షించే పిల్లలు తగ్గుతారు. 8వ బడి తగిలితే నాలుగు బడులకు 80 మంది అనుకున్నచోట 74 మందే దొరుకుతారు. ఆ లోటుకు ఒకటి రెండు బడులు ముందే ఎక్కువ అడిగాను.

బడికి వెళ్లినప్పుడు రిజిస్టరులో సంఖ్య జాబితాలో ఉన్నంత ఉండదు. 5వ బడిలో 210 బదులు 180 మంది ఉంటే బడి వెయిట్ మారదు, ఎందుకంటే ఎంపిక జరిగింది 210తో. మొదటి అంతరం 230తోనే చూస్తే 230/210 × 180/20 = 9.86. పైనా కిందా 180 వేసి మళ్లీ 11.5 రాబట్టడం తప్పు, అలా చేస్తే తగ్గిపోయిన 30 మందిని ఇంకా ఉన్నట్టే లెక్కవేస్తున్నాం. దీనికోసం ప్రతి బడికీ ఎంపికలో వాడిన సంఖ్య, రిజిస్టరులో కనబడ్డ సంఖ్య, నిజంగా పరీక్ష రాసినవాళ్ల సంఖ్య మూడూ వేర్వేరు వరుసల్లో ఉంచి, అంతరం, మొదటి అంకె, జాబితా వరుస కూడా అదే ఫైలులో భద్రపరిచాను.