మానని పుండు, రెండు బయాప్సీలు

ఎడమ బుగ్గన వక్క, పొగాకు పెట్టుకోవడం నాకు పదిహేనేళ్ల అలవాటు. ఎప్పుడూ అదే చోట. అక్కడ తెల్లటి మచ్చ ఏర్పడింది. నాలుకకు గరుగ్గా తగిలేది, గీకినా పోయేది కాదు. నొప్పి లేదు కదా అని వదిలేశాను. కొన్నాళ్లకు మచ్చకు వెనకవైపు చిన్న పుండు పడింది. పక్కనే మొనదేలిన పన్ను ఉండడంతో అది గీసుకుందనుకుని పూతమందు రాసుకున్నాను. మూడు వారాలైనా మానలేదు.

డెంటిస్ట్ ముందుగా నా మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టమన్నారు. రెండే పట్టాయి. వక్క వల్ల బుగ్గ లోపలి పొర నారలా బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడం తగ్గిందని చెప్పారు. "పొగాకు మానేసి ఉత్త వక్క నమలొచ్చా?" అని అడిగాను. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించిందని అన్నారు. ఆ రోజే రెండూ మానేశాను.

పన్ను మొనను నునుపు చేసి, రెండు వారాలు చూద్దామన్నారు. పన్ను వల్ల వచ్చిన పుండైతే ఈలోగా మానిపోవాలి. మానలేదు. బయాప్సీ అనగానే మా ఆవిడ భయపడింది, కత్తి తగిలితే పాకుతుందని ఎవరో చెప్పారట. "అలా ఏం పాకదమ్మా, ముక్కను పరీక్షించకుండా అదేమిటో తేల్చలేం" అన్నారు డాక్టర్.

మత్తు ఇంజెక్షన్ చురుక్కుమంది, తర్వాత ఎవరో బుగ్గ లాగుతున్నట్టు మాత్రమే తెలిసింది. రెండు కుట్లు పడ్డాయి. వారానికి రిపోర్టు వచ్చింది: కణాల్లో కొద్దిపాటి మార్పు, క్యాన్సర్ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టర్ మాత్రం తృప్తి పడలేదు. చూపుడువేలు లోపల, బొటనవేలు బయట పెట్టి పుండును నొక్కి చూశారు. "అంచు గట్టిగా తగులుతోంది. రిపోర్టుకూ దీనికీ పొంతన లేదు."

నోరు సరిగా తెరుచుకోకపోవడంతో మొదటి ముక్క ముందున్న తెల్లమచ్చలోంచి తీశారు. పుండు వెనక అంచు ఎర్రగా ఉంది. తెలుపుకన్నా ఎరుపే ఎక్కువ అనుమానించాల్సిన రంగట. పుండు మధ్యలో చచ్చిన కణాలే దొరకొచ్చని, ఈసారి ఎర్రటి అంచు నుంచి, పక్కనున్న మంచి కండ కొంచెం కలిసేలా లోతుగా తీశారు. అందులో క్యాన్సర్ బయటపడింది. తొలి దశే.

ఆ రిపోర్టు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. తర్వాత స్కాన్, ఆపరేషన్. గడ్డ చుట్టూ మంచి కండ కూడా కొంత తీసేశారు, మెడలోని గ్రంథులూ తీసి పరీక్షించారు. వాటిలో ఏమీ లేదు, రేడియేషన్ అక్కర్లేదన్నారు.

ఇప్పుడు రోజూ నోరు తెరిచే వ్యాయామం చేస్తున్నాను, రెండు నెలలకోసారి చూపించుకుంటున్నాను. వెళ్లినప్పుడల్లా డాక్టర్ కుడి బుగ్గ, నాలుక కింద కూడా తడిమి చూస్తారు. వక్క పెట్టింది ఎడమవైపే అయినా, ఆ రసం పదిహేనేళ్లు నోరంతా తిరిగింది.